ఒకే మనిషికి నాలుగు పేర్లు: డెలివరీ పనిలో చేరబోయే కుర్రాళ్ల అవస్థ

గౌరవనీయులైన సంపాదకులకు,

పాలకొల్లులో నాకు చిన్న ఇంటర్నెట్ సెంటర్ ఉంది. ఈమధ్య నా దగ్గరికి ఫుడ్ డెలివరీ, పార్సిల్ డెలివరీ, బైక్ టాక్సీ యాప్‌లలో చేరడానికి వచ్చే కుర్రాళ్లు బాగా పెరిగారు. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నవాళ్లు, చెరువుల మీద పని దొరకనివాళ్లు భీమవరంలోనో రాజమహేంద్రవరంలోనో బండి నడుపుకుందామని వస్తారు. బండి, ఫోను ఉంటే చాలని ఎవరో చెప్పి ఉంటారు. లైసెన్సు, ఇన్సూరెన్సు అన్నీ సక్రమంగా ఉన్నా వీళ్లలో చాలామంది పేరు దగ్గర ఆగిపోతున్నారు. కంపెనీలూ, బ్యాంకులూ, కార్మిక శాఖవారూ ఈ సంగతి పట్టించుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

యాప్‌లో ముందు ఫోన్ నంబరుకు ఓటీపీ వస్తుంది, తర్వాత సెల్ఫీ. ఆపైన ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, బండి ఆర్సీ, ఇన్సూరెన్సు ఫొటోలు తీసి పెట్టాలి. బ్యాంకు ఖాతా రుజువుగా పాస్‌బుక్ మొదటి పేజీ గానీ, క్యాన్సిల్ చేసిన చెక్కు గానీ అడుగుతారు. అన్నిటికన్నా చివర బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కు ఒప్పుకుంటున్నట్టు టిక్ పెట్టించుకుంటారు. వీటిని మొదట చూసేది మనిషి కాదు, కంప్యూటరు. ఒక కాగితంలోని పేరును ఇంకో కాగితంలోని పేరుతో పోల్చి, కలిస్తే ముందుకు పంపుతుంది, లేకపోతే ఆపేస్తుంది.

మన ప్రాంతంలో పేరు రాసే పద్ధతి ఇక్కడే చిక్కు తెస్తోంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, చాలాసార్లు పొడి అక్షరంగానే మిగిలిపోతుంది. కర్రి వెంకట సత్యనారాయణ అనే కుర్రాడు ఉన్నాడనుకుందాం. ఆధార్‌లో `KARRI VENKATA SATYANARAYANA` అని ఉంటుంది. పాన్ దరఖాస్తులో ఇంటిపేరును పొడి అక్షరంగా రాయనివ్వరు, కార్డు మీద అది చివరికి వెళుతుంది. కాబట్టి అక్కడ `VENKATA SATYANARAYANA KARRI` అవుతుంది. చదువుకునే రోజుల్లో తెరిచిన బ్యాంకు ఖాతాలో `K V SATYANARAYANA` అని ఉంటుంది. బండి కొన్నచోట షోరూంవాళ్లు టైపు చేసిన ఆర్సీలో `KARRI V SATHYANARAYANA` అని, నడుమ ఒక హెచ్ ఎక్కువ పడుతుంది. ఈ నాలుగూ చూసిన ఊరివాళ్లెవరూ వీడు వేరు, వాడు వేరు అనరు. కంప్యూటరు అంటుంది.

ఇందులో బ్యాంకు దగ్గర వచ్చే తిప్పలు ఎక్కువ. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ కొట్టగానే చాలా కంపెనీలు ఆ ఖాతాలోకి ఒక్క రూపాయి పంపుతాయి. ఆ రూపాయి జమ అయ్యాక, ఖాతా ఎవరి పేరు మీద ఉందో బ్యాంకు నుంచి తిరిగి వస్తుంది. ఆ పేరును ఆధార్‌తోనో పాన్‌తోనో పోలుస్తారు. ఎంత కలిస్తే ఒప్పుకోవాలన్నది ఏ కంపెనీకి ఆ కంపెనీ పెట్టుకున్న లెక్క. అక్షరాలు అంత కలవకపోతే 'బ్యాంకు వివరాలు సరిపోలలేదు' అని ఒక్క ముక్క వస్తుంది. కుర్రాడు నంబరు తప్పు కొట్టానేమో అనుకుని మళ్లీ కొడతాడు, మళ్లీ అదే జవాబు. ఇలా కొడుతూ పోతే ఒక దశలో దరఖాస్తే లాక్ అయిపోతుంది. ఆ టెన్షన్‌లో నా దగ్గరికి వస్తారు.

అప్పుడు నేను ముందు అడిగేది, నీ ఖాతాలో రూపాయి పడిందా అని. బ్యాంకు మెసేజీలోనో స్టేట్‌మెంటులోనో ఒక్క రూపాయి జమ కనిపిస్తే నంబరూ కోడూ రెండూ సరైనవే, తేడా పేరులోనే ఉంది. రూపాయి అసలు పడకపోతే నంబరునో కోడ్‌నో అనుమానించాలి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. మన రెండు గోదావరుల పల్లెల్లో ఆ పాత పాస్‌బుక్కులు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటి మీద ఉన్న కోడ్ `ANDB`తో మొదలవుతుంది, ఇప్పుడు కావలసింది `UBIN`తో మొదలయ్యేది. అలాగే చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు కూడా 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. ఇలాంటి ఖాతాలున్నవాళ్లు బ్రాంచికి వెళ్లి కొత్త పాస్‌బుక్ రాయించుకుని, ఆ ఫొటోనే పెట్టాలి.

పేరు తేడా అని తేలగానే చాలామంది ఆధార్ సెంటర్‌కి పరిగెడతారు. వద్దని చెబుతుంటాను. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే ఉంటుంది. పైగా ఆధార్ మారితే దాన్ని చూసి తీసుకున్న మిగతా కాగితాలన్నీ కదులుతాయి. ఆధార్‌లోనూ పాన్‌లోనూ పేరు పూర్తిగా ఉండి, వరుస మాత్రమే అటూఇటూ అయితే మార్చాల్సింది బ్యాంకు ఖాతాలో పేరు. రెండు కార్డుల జిరాక్సులు, ఒక అర్జీ ఇస్తే బ్రాంచిలో సరిచేస్తారు. అయితే పాస్‌బుక్ మీద పెన్నుతో దిద్దించుకుని వచ్చేస్తే ఉపయోగం లేదు. బ్యాంకు కంప్యూటర్‌లో మారాలి, ఎందుకంటే రూపాయి పడ్డాక తిరిగి వెళ్లేది అందులో ఉన్న పేరే.

బండి సంగతి క్లుప్తంగా చెబుతాను. మనవైపు సెకండ్ హ్యాండ్ బళ్లు ఎక్కువ. అమ్మినవాడు సంతకాలు పెట్టిన ఫారం 29, ఫారం 30 బండి డిక్కీలో పడి ఉంటాయి, ఆర్సీ మాత్రం పాత యజమాని పేరు మీదే నడుస్తుంటుంది. చట్టం ప్రకారం కొన్నవాడు 30 రోజుల్లో బదిలీకి దరఖాస్తు చేసుకోవాలి. కొన్ని కంపెనీలు యజమాని ఒప్పుకోలు పత్రంతో సర్దుకుంటాయి, అందరూ సర్దుకోరు. ఇంకో మాట. సొంత వాడకానికి తీసుకునే టూవీలర్ పాలసీలో, కిరాయికి గానీ సరుకు మోతకు గానీ వాడితే వర్తించదని రాసి ఉంటుంది. యాప్ మాత్రం ఇన్సూరెన్సు ఉందా, గడువు ఉందా అని చూసి ఊరుకుంటుంది. ఆ షరతు గురించి చేరేవాడికి ఒక్క మాటైనా చెప్పాలి కదా.

ఇక నాకు బాగా బాధ కలిగించిన విషయం బ్యాక్‌గ్రౌండ్ చెక్. ఇంతవరకూ ఒక్క అక్షరం తేడా ఉంటే ఒప్పుకోని పద్ధతి, ఇక్కడికొచ్చేసరికి తలకిందులవుతోంది. కంపెనీ తరఫున వేరే ఏజెన్సీవాళ్లు కోర్టు రికార్డుల్లో పేరు పెట్టి వెతుకుతారు. కేసుల్లో పార్టీల పేర్లు ఈ-కోర్ట్స్ సైటులో ఎవరికైనా కనిపిస్తాయి. సత్యనారాయణలు, శ్రీనివాసులు, వెంకటేశ్వరరావులు ఊరికి పదిమంది ఉండే జిల్లాల్లో పేరు మీద వెతికితే ఎవరి కేసు ఎవరికి తగులుతుంది?

మా మండలంలోని ఒక కుర్రాడికి ఇదే జరిగింది. కాగితాలన్నీ పాసయ్యాయి, బ్యాగు, టీషర్టు తీసుకోవడమే తరువాయి. అప్పుడు 'బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫెయిల్' అని వచ్చింది. ఎందుకని మెయిల్ పెడితే వివరాలు చెప్పలేమన్నారు. ఇంట్లో వాళ్ల నాన్నగారు "ఏరా, మాకు తెలీకుండా ఏం చేశావు?" అని నిలదీశారట. నా సెంటర్లో కూర్చుని ఈ-కోర్ట్స్‌లో జిల్లా, సంవత్సరం మార్చి మార్చి ఆ పేరుతో వెతికాం. వేరే మండలంలో సంక్రాంతి కోడిపందేల జూదం కేసు ఒకటి కనిపించింది. ఇంటిపేరు అదే, పేరు అదే. తండ్రి పేరు వేరు, ఊరు వేరు. ఆ కేసు నంబరు రాసి, ఆధార్‌లో ఉన్న తండ్రి పేరు చూపించి, తన మీద కేసుల్లేవని స్టేషన్‌లో తీసుకున్న సర్టిఫికెట్ జతచేసి మళ్లీ మెయిల్ పెట్టాం. కొన్నాళ్లకు ఐడీ ఆన్ అయింది. ఆ కేసు మావాడిదే అనుకున్నారా, ఇంకేదైనా చూశారా అన్నది ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. పోనీ ఆ కేసు నిజంగా అతనిదే అయినా, పండగ రోజు బరి దగ్గర దొరికి జరిమానా కట్టినవాడు భోజనం ప్యాకెట్ మోయడానికి పనికిరాడా? కేసు ఉండటం వేరు, శిక్ష పడటం వేరు, ఏ నేరానికి అన్నది ఇంకా వేరు. ఫెయిల్ అనే ఒక్క మాటలో ఇవన్నీ కలిపేస్తున్నారు.

ఆ టిక్ పెట్టేటప్పుడు ఏం ఒప్పుకుంటున్నాడో కుర్రాడికి తెలియదు. నేను చూసిన ఒప్పుకోలు పత్రాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఏ రికార్డులు చూస్తారు, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు దాచుకుంటారు అన్నది పేజీల కొద్దీ కిందికి జరిపితే గానీ దొరకదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చినదై ఉండాలి. సమ్మతి అడిగే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో చదువుకునే వీలు కల్పించాలి, అందులో తెలుగు ఉంది. తన గురించి ఏ వివరాలు పెట్టుకున్నారో అడిగే హక్కు, తప్పుంటే దిద్దించుకునే హక్కు కూడా ఇచ్చింది. కానీ నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ఈ ముఖ్యమైన భాగాలు అమలు కావడానికి 18 నెలల గడువిచ్చారు. ఆ గడువు తీరేదాకా ఆగమని ఏ చట్టమూ కంపెనీలకు చెప్పలేదు. ఆర్డర్ బటన్లు తెలుగులో పెట్టడం వచ్చినవాళ్లకు ఒప్పుకోలు పత్రం తెలుగులో పెట్టడం కష్టమా?

ఇలా ఆగిపోయిన కుర్రాళ్లు ఇంటికెళ్లి కూర్చోరు. స్నేహితుడి ఐడీ అద్దెకు తీసుకుని బండి ఎక్కుతారు. డబ్బు ఇంకొకరి ఖాతాలో పడుతుంది. జాతీయ రహదారి మీద రాత్రిపూట ప్రమాదం జరిగితే కంపెనీ ఇచ్చే ప్రమాద బీమా ఐడీ ఎవరిదో వాళ్ల పేరు మీద ఉంటుంది, దెబ్బ తగిలినవాడి పేరు మీద కాదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్, ఇలా యాప్‌ల మీద పనిచేసే గిగ్ కార్మికులను గుర్తించింది, సంతోషమే. అయితే గుమ్మం దగ్గరే ఆగిపోయి వేరొకరి పేరు మీద పనిచేసేవాడు ఆ లెక్కలోకి ఎలా వస్తాడు?

కంపెనీలను నేను అడిగేది పెద్దదేం కాదు. దరఖాస్తు ఆపినప్పుడు ఏ కాగితంలో ఏ పేరు, ఏ పేరుతో కలవలేదో రెండూ పక్కపక్కన పెట్టి తెలుగులో చూపించండి. ఇంటిపేరు ముందున్నా వెనకున్నా, పొడి అక్షరంగా ఉన్నా, మిగతావి కలిసినప్పుడు ఒక మనిషి చేత చూపించి తేల్చండి. కోర్టు రికార్డులో ఏదైనా తగిలితే తిరస్కరించే ముందే ఆ కేసు నంబరు కుర్రాడికి పంపి, జవాబు చెప్పుకోవడానికి గడువివ్వండి. బ్యాంకు బ్రాంచిల్లో పేరు సవరణ అర్జీలను రేపు రా, ఎల్లుండి రా అనకుండా తీసుకునేలా లీడ్ బ్యాంకు మేనేజర్లు చూడాలి. దరఖాస్తు తిరస్కరణకు గురైనవాళ్లు వెళ్లి చెప్పుకోవడానికి మన రెండు గోదావరుల్లోనూ, కోనసీమలోనూ కార్మిక శాఖ కార్యాలయాల్లో ఒక అధికారి పేరు, ఫోను నంబరు బోర్డు మీద రాసి పెట్టాలని జిల్లా కలెక్టర్లను కోరుతున్నాను.

ఇట్లు,
ఇంటర్నెట్ సెంటర్ నిర్వాహకుడు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా