ఆదివారం షర్బత్ సీసాలు: ఫొటోలు పంపండి

అందరికీ నమస్కారం. పిల్లల పార్టీకి సిరప్ తెచ్చేవాళ్లు శనివారం సాయంత్రం 6 లోపు రెండు ఫొటోలు పెట్టండి. ఒకటి పగటి వెలుగులో, తెల్ల కాగితం పక్కన సీసా. ట్యూబ్‌లైటు కింద తీస్తే రంగు మారిపోతుంది, ఫిల్టర్లు అసలు వద్దు. రెండోది వెనక లేబుల్‌లో పదార్థాల వరుస, అంకెలు చదవగలిగేలా.

ఆహారంలో కలిపే రంగుల్లాంటి వాటికి లేబుల్‌పై ఐఎన్ఎస్ అనే నంబరు ఉంటుంది. రోజ్ సిరప్‌లో ఐఎన్ఎస్ 122 ఉంటే అది కార్మోయిసిన్, కృత్రిమ రంగు. ముందు గులాబీ బొమ్మ ఉన్నా సరే! 162 అయితే బీట్‌రూట్ రంగు. ఆకుపచ్చ ఖస్ సిరప్‌లో 102, 133 కలిసి కనిపిస్తే పసుపు, నీలం కలిపారన్నమాట.

మెరిసే గులాబీ రంగుండి, లేబుల్‌లో చక్కెర, నీళ్లు, ఫ్లేవరే ఉంటే ఆ సీసా పక్కన పెట్టండి. అంకె ఉన్నా అది ఏ రంగో చెబుతుంది, ఎంత వేశారో చెప్పదు. ఫొటో కూడా అంతే.

లేబుల్ లేని విడి సిరప్ తేవద్దు, ప్లీజ్.