అవశిష్ట అధికారాల ప్రశ్నపై బహిరంగ లేఖ

గౌరవనీయులైన పరీక్షల విభాగం అధికారి గారికి,

నమస్కారం. రెండు ఉత్తరాలకు జవాబు రాలేదు కాబట్టి అందరి ముందూ రాస్తున్నాను.

అవశిష్ట అధికారాలంటే రాజ్యాంగం పేరుపెట్టి పంచగా మిగిలిన అధికారాలు. “సమాఖ్యలో అవశిష్ట అధికారాలు ఎవరివి?” అన్న పరీక్ష ప్రశ్నకు మీ ‘కీ’ “రాష్ట్రాలవి” అంటోంది. అమెరికాలో, పదో సవరణ ప్రకారం, అది నిజమే. భారత్‌లో 248వ అధికరణం వాటిని పార్లమెంటుకు ఇచ్చింది. ఏ దేశమో ప్రశ్నలో లేదు. రెండూ చదివిన నా విద్యార్థిని “కేంద్రం” అని రాసి, కొట్టేసి, మళ్లీ రాసింది. ఆ టెన్షన్‌లో తర్వాతి ప్రశ్న వదిలేసింది. ఏమీ చదవకుండా గుడ్డిగా టిక్ పెట్టినవారికి మాత్రం మార్కు వచ్చింది!

దయచేసి రెండు జవాబులకూ మార్కు ఇవ్వండి. ఇకపై ప్రశ్నలో రాజ్యాంగం పేరు రాయించండి. అచ్చుకు ముందు, ‘కీ’ చూడని ఇద్దరు ఉపాధ్యాయులతో పేపరు రాయించండి. వారి జవాబులు వేరైతే ఆ ప్రశ్నను మార్చండి.

ఇట్లు,
ఒక సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు