‘మూడేళ్ల నుంచి’ ఇంగ్లీషులో ఎందుకు తప్పుతోంది?

సంపాదకుడికి,

అయ్యా,

పోయిన వారం హనుమకొండలోని ఒక జిరాక్స్ దుకాణంలో ఒక అమ్మాయి తన ఉద్యోగ దరఖాస్తును ఒకసారి చూసిపెట్టమని నాకిచ్చింది. బెంగళూరులోని సంస్థకు పంపాల్సిన దరఖాస్తు. మొదటి వాక్యమే ‘ఐ యామ్ వర్కింగ్ యాజ్ యాన్ అకౌంటెంట్ సిన్స్ త్రీ ఇయర్స్’. దుకాణంలో నమూనాగా ఉంచిన ఉత్తరంలో కూడా అదే ధోరణి. ఆమె దాన్ని చూసే రాసుకుంది.

ఇది చదువు రాకపోవడం వల్ల జరిగే తప్పు కాదు. మన తెలుగు ఇంగ్లీషు మాటల కింద నిలబడి పలుకుతోంది, అంతే. మనం ‘2022 నుంచి పనిచేస్తున్నాను’ అంటాం, ‘మూడేళ్ల నుంచి పనిచేస్తున్నాను’ అనీ అంటాం. రెండు చోట్లా అదే ‘నుంచి’. ఇంగ్లీషులో మాత్రం పని మొదలైన తేదీ చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్. క్రియ కూడా మారాలి. ఎప్పుడో మొదలై ఇంకా సాగుతున్న పనికి ‘ఐ యామ్ వర్కింగ్’ సరిపోదు, ‘ఐ హావ్ బీన్ వర్కింగ్’ అనాలి. కాబట్టి ఆ వాక్యం ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ యాజ్ యాన్ అకౌంటెంట్ ఫర్ త్రీ ఇయర్స్’ కావాలి.

దీన్ని పట్టుకోవడానికి నేను పిల్లలకు చెప్పే కిటుకు తెలుగులోనే ఉంది. ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘మూడేళ్లుగా’, ‘వారంగా’, ‘చాలాకాలంగా’ అంటే అతుకుతుంది, అక్కడ ఫర్. ‘సోమవారంగా’, ‘2022గా’ అంటే అతకదు, అక్కడ సిన్స్.

ఆ దరఖాస్తు చివర ‘ఐ హావ్ ఎ డౌట్ రిగార్డింగ్ శాలరీ’ అని ఉంది. మనకు అడగవలసిన ప్రశ్నా సందేహమే, నమ్మకం కుదరకపోవడమూ సందేహమే. ఇంగ్లీషులో డౌట్ ప్రధానంగా రెండోదే. విదేశీయుడు చదివితే, జీతం మాటను ఈమె నమ్మడం లేదనుకోవచ్చు. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్ అబౌట్ ది శాలరీ’ అంటే చాలు. తరగతిలో మనలో మనం డౌట్ అనుకుంటే ఎవరూ పొరబడరు, దాన్ని మాన్పించాలని నేను అనడం లేదు. ఊరు దాటే కాగితం గురించే నా ఆందోళన.

మన కళాశాలల్లో ఇంగ్లీషు వ్యాకరణాన్ని తెలుగుతో సంబంధం లేనట్టు చెబుతున్నారు. ‘నుంచి’ ఎక్కడ సిన్స్ అవుతుందో, ఎక్కడ ఫర్ అవుతుందో పక్కపక్కన పెట్టి చూపించే పాఠం ఒక్క గంట పని. దరఖాస్తు నమూనాలు అమ్మే దుకాణదారులు కూడా వాటిని దగ్గరలోని ఒక అధ్యాపకుడికి చూపించి దిద్దించుకోవాలని కోరుతున్నాను. మీ విద్యార్థుల పేజీలో వారానికి ఒక్క జత, తప్పు వాక్యం, దాని పక్కన సరైన వాక్యం, ఏ తెలుగు మాట వల్ల ఆ తప్పు వచ్చిందో ఒక వివరణతో ప్రచురించగలరా?

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపన్యాసకుడు,
హనుమకొండ