'STOP' అన్నా ఆగని పండుగ మెసేజ్‌లు

సంపాదకుడిగారికి,

దసరా ఆఫర్ల మెసేజ్‌ల మీద పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. బాధ సగమే రాశారు. దుకాణాలకు కరపత్రాలు, ఎస్సెమ్మెస్‌లు రాసిపెట్టడమే నా పని కాబట్టి మిగతా సగం నేను చెబుతాను.

ప్రచార మెసేజ్‌లు రాకుండా 1909కి START 0 పంపి, మా అమ్మ నంబర్‌ను పూర్తిగా డీఎన్‌డీలో పెట్టించాం. అయినా ఒక బట్టల దుకాణం నుంచి రోజూ మెసేజ్. బిల్లు కౌంటర్‌లో "పాయింట్లు వస్తాయమ్మా, నంబర్ చెప్పండి" అంటే చెప్పిందట. పాయింట్ల కోసం చెప్పిన నంబర్ ప్రచారానికి సమ్మతి ఎలా అవుతుంది? దానికి విడిగా అడగాలి, ఆమె విడిగా ఒప్పుకోవాలి.

ఆ మెసేజ్ చివర "వద్దనుకుంటే STOP అని రిప్లై ఇవ్వండి" అని ఉంది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం నొక్కి పంపింది. పక్కన ఎర్ర గుర్తు పడింది, వెళ్లలేదు. ఎలా వెళుతుంది? పంపినవారి చోట ఉన్నది ఇంగ్లీషు అక్షరాల హెడర్, చివర ప్రచారానికి గుర్తుగా -P. దానికి రిప్లై పోదు. ఆపమని చెప్పడానికి పనిచేసే నంబరో లింకో మెసేజ్‌లోనే ఇవ్వాలి. ప్రతి ప్రచార మెసేజ్ నమూనానూ టెలికాం సంస్థల డీఎల్‌టీ వ్యవస్థలో ముందే రిజిస్టర్ చేసి ఆమోదం తీసుకోవాలి కదా, మరి ఈ వాక్యాన్ని ఆమోదించినవారు ఏం చూశారు? కాగితం మీద అన్నీ ఉంటాయి, చదివే నాథుడే ఉండడు.

చోటు చాలదని దుకాణదారులు అంటారు. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు, తెలుగుకు 70 మాత్రమే, నిజమే. పైగా ఒత్తు, గుణింతపు గుర్తు కూడా విడిగా లెక్క. 'క్ష' మనకు ఒకటి, ఆ లెక్కలో మూడు. 70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, ముక్కకు 67 చొప్పునే పడతాయి, ప్రతి ముక్కకూ డబ్బు కట్టాలి. అందుకే ఖర్చు తగ్గించమంటే ముందు ఆపే వాక్యాన్నే కొట్టేయమంటారు. "మా కస్టమర్లందరికీ దసరా శుభాకాంక్షలు" అన్న పలకరింపు మాత్రం ఉండాలంటారు. అదొక్కటే 35, అంటే సగం!

నేను రాసిచ్చేది ఇలా ఉంటుంది: "దసరా ఆఫర్: చీరలపై 20% తగ్గింపు. ఆదివారం వరకే. వద్దంటే STOP", ఆ పక్కన అయిదంకెల నంబర్. ఖాళీలతో సహా 64. చిన్న పేరైతే దుకాణం పేరూ పడుతుంది. ఒక్క ముక్కలో అయిపోయేదానికి చోటు లేదనడం అబద్ధం.

మీ పాఠకులకు ఒక్క మాట. ఇలాంటి మెసేజ్ వస్తే తుడిచేయకండి. హెడర్, తేదీ, మెసేజ్‌తో 7 రోజుల్లోగా 1909కి ఫిర్యాదు చేయండి. అమ్మ తరఫున నేను నిన్ననే చేశాను. ఏం తేలిందో మళ్లీ రాస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు