సోమవారం ప్లానింగ్: స్పైక్, టెక్ డెట్ టికెట్లు ముందే పెట్టండి

అందరికీ హాయ్, సోమవారం 11 గంటలకి స్ప్రింట్ ప్లానింగ్. ఈసారి ఒక మార్పు: స్పైక్‌లు, టెక్నికల్ డెట్ పనులు స్టోరీల కింద సబ్‌టాస్క్‌లుగా పెట్టకండి, ప్రొడక్ట్ ఓనర్ మేడమ్ చూసే బ్యాక్‌లాగ్‌లోనే విడిగా పెట్టండి. లోపల దాస్తే 3 పాయింట్ల స్టోరీ రెండు స్ప్రింట్లు ఎందుకు పట్టిందో ఆవిడకి తెలిసే దారే లేదు.

స్పైక్ అయితే టైటిల్‌లోనే ప్రశ్న రాయండి. "సెర్చ్ మీద రీసెర్చ్" కాదు, "ఇప్పుడున్న డేటాబేస్‌తోనే సెర్చ్ రిజల్ట్ 1 సెకను లోపు వస్తుందా?" అని. టైమ్‌బాక్స్ 1 రోజు, మహా అయితే 2. టైమ్ అయిపోతే జవాబు రాకపోయినా ఆపేసి, తెలిసినంతవరకు టికెట్‌లో రాయండి, పొడిగించాలా వద్దా అనేది మేడమ్ చెప్తారు. దాని మీద ఆధారపడ్డ స్టోరీని అదే స్ప్రింట్‌లో మాత్రం తీసుకోవద్దు ప్లీజ్.

డెట్‌కి "కోడ్ క్లీనప్" అని రాస్తే ఎవరైనా పక్కన పెట్టేస్తారు, అది మనకి ఎంత ఖర్చవుతోందో రాయండి. మన డిస్కౌంట్ లెక్కే చూడండి, కార్ట్, ఇన్వాయిస్, రీఫండ్ మూడు చోట్లా కాపీ అయి ఉంది కదా, కొత్త ఆఫర్ వచ్చినప్పుడల్లా అర రోజు పని 2 రోజులవుతోంది, పైగా పోయినసారి రీఫండ్‌లో మార్చడం మిస్సయి బగ్ కూడా వచ్చింది. ఒకే చోటికి తేవడానికి 3 రోజులు, అంటే రెండు ఆఫర్లకే ఆ టైమ్ తిరిగొచ్చేస్తుంది. ఇలా రాస్తే ఆఫర్ స్టోరీకి ముందు దీన్ని పెట్టాలా అని మేడమ్ నిజంగా ఆలోచించగలరు.

శుక్రవారం సాయంత్రం 5 లోపు మీ టికెట్లు పెట్టి `spike` లేదా `tech-debt` లేబుల్ తగిలించండి. లేబుల్ లేకపోతే ఫిల్టర్‌లో కనిపించదు, మర్చిపోకండి 🙏