లోగో కాదు, ప్లేటు చదవండి

సంపాదకులకు,

అధికారులు దాడి చేసి సీజు చేసిన నకిలీ హెయిర్ డ్రయ్యర్ల మీద మీ విశాఖ పేజీలో వార్త వచ్చి వారం దాటింది. అందులో కొనేవాళ్లకు చెప్పిన జాగ్రత్త అంతా కలిపి ఒక్క ముక్క: లోగో సరిచూసుకోమని. నకిలీవాడు అన్నిటికంటే శ్రద్ధగా దించేది ఆ లోగోనే! కరెంటు సామాను రిపేరు చేసేవాణ్ణి కాబట్టి ఇది చదివి ఊరుకోలేకపోతున్నాను.

మా మేనకోడలు ఆన్‌లైన్‌లో కొన్న డ్రయ్యర్ ఫొటోలు నాకు పంపింది. పిడి మీది రేటింగ్ ప్లేటులో 220-240 వోల్టులు, 2000 వాట్లు అని ఉంది. 2000ని 230తో భాగిస్తే దాదాపు 8.7 ఆంపియర్లు. ప్లగ్గు ఫొటో పెద్దది చేసి చూస్తే పిన్నుల మధ్య 6 ఆంపియర్లు అని ఉంది. నిజంగా 2000 వాట్లు లాగితే ఆ ప్లగ్గు వేడెక్కి కరిగిపోవచ్చు. లాగకపోతే ప్లేటు మీదిది దొంగలెక్క. పైగా ప్లగ్గుకు రెండే పిన్నులు, అంటే ఎర్త్ లేదు. అలాంటప్పుడు లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉందని చెప్పే చదరంలో చదరం గుర్తు ప్లేటు మీద ఉండి తీరాలి. లేదు. మంచి వైరు తొడుగు మీద దాని రకం, 2×0.75 అన్నట్టు తీగ మందం కొంత దూరానికోసారి వేసి ఉంటాయి. ఈ వైరు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా బోడిగా ఉంది.

రెండు డొప్పలు కలిసే అతుకు కూడా పిడి కిందికి వచ్చేసరికి గోరు దూరేంత విచ్చుకుంది. కానీ అతుకు ఒక్కటే చూసి నకిలీ అనకూడదు. ఫోను మరీ దగ్గర పెట్టి తీస్తే తిన్నని గీత కూడా వంగినట్టు పడుతుంది. కాస్త వెనక్కి జరిగి, పక్కనుంచి వెలుతురు పడేలా తీయాలి. హెయిర్ స్ట్రెయిటెనర్లు వాడేది చాలా తక్కువ వాట్లు గనక ఆంపియర్ల లెక్కతో వాటిలో నకిలీవి దొరకవు. వాటికి వైరు గుండ్రంగా తిరిగే మెడ దగ్గర అతుకు చూడాలి. వేడి మితిమీరితే కరెంటు ఆపే కటౌట్ లోపల ఉందో లేదో మాత్రం ఏ ఫొటోలోనూ తెలియదు.

ఇక అధికారుల సంగతి. ఈ డ్రయ్యర్ మీద ఐఎస్ఐ గుర్తు ఉంది, దాని కింద ఉండాల్సిన CM/L లైసెన్సు నంబరు లేదు. నంబరు ఉంటే ఐఎస్ఐ గుర్తు ఇచ్చే BIS వాళ్ల BIS Care యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో తెలిసిపోతుంది. నిమిషం పట్టని ఈ పని దుకాణాల్లో, గోదాముల్లో ఎవరూ చేయరెందుకు? అమ్మినవాడేమో పెట్టె తెరిచాక వాపసు లేదంటాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వమని పిల్లకు నేనే చెప్పాను. కాలేజీ పిల్లలు తడి జుట్టుతో పట్టుకునే వస్తువు ఇది, ఎవరికైనా షాక్ కొట్టాక దాడులు చేసి ఏం లాభం?

మళ్లీ ఇలాంటి వార్త వేస్తే సీజు చేసిన పెట్టెల ముందు నిలబడ్డ అధికారుల ఫొటో తగ్గించి, ఆ సరుకు ప్లేటు, వైరు ఫొటోలు అక్షరాలు చదవగలిగే సైజులో వేయండి.

ఒక పాఠకుడు,
గాజువాక, విశాఖపట్నం