తగ్గింది సరే, దేనితో పోలిస్తే?

సంపాదకులకు,

అయ్యా,

జిల్లా సమీక్షా సమావేశాల వార్తల్లో ఒక వాక్యం తరచూ కనిపిస్తోంది: "శిక్షణ ఇచ్చిన కార్యాలయాల్లో పెండింగ్ 30 శాతం తగ్గింది, కాబట్టి అన్నిచోట్లా అమలు చేస్తాం." గణాంకాల కొలువులో ఉండి రిటైరైనవాణ్ణి కాబట్టి అలాంటి ప్రతిపాదన ఒకటి ఈమధ్య నా చేతికొచ్చింది. శాఖ పేరు అనవసరం, అంకెలు కూడా మార్చి చెబుతున్నాను.

శాఖకు 40 కార్యాలయాలున్నాయి అనుకుందాం. గడువు దాటిన అర్జీలు జులైలో ఎక్కువగా ఉన్న పదింటిని ఏరి, సిబ్బందికి శిక్షణ ఇచ్చారు. అక్కడ ఒక్కో కార్యాలయానికి సగటున 60 అర్జీలుండగా సెప్టెంబరుకు 42 అయ్యాయి. లెక్క తప్పు కాదు, 30 శాతమే. కాగితంలో మిగతా 30 కార్యాలయాల ఊసే లేదు. అడిగి తెప్పించి చూస్తే అక్కడ సగటు 20 నుంచి 26కి పెరిగింది. ఇప్పుడు మొత్తం కూడండి. జులైలో 1200, సెప్టెంబరులోనూ 1200. శాఖ మొత్తానికి ఒక్క అర్జీ కూడా తగ్గలేదు!

ఇందులో ఎవరి మోసమూ లేదు. ఏ నెలలోనైనా అట్టడుగున కనిపించే కార్యాలయాల్లో కొన్నింటికి ఆ నెల అచ్చిరాలేదంతే. గుమస్తా సెలవులో ఉంటాడు, నెట్ పనిచేయదు, ఆపరేటర్‌కు బదిలీ అవుతుంది. వచ్చే నెల ఆ కష్టం ఇంకో కార్యాలయానికి వస్తుంది, దీని లెక్క దానంతటదే మామూలు స్థితికి చేరుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే శిక్షణ పెడితే కాకి వాలగానే తాటిపండు రాలినట్టే.

నమ్మకం కుదరనివారు సమావేశంలో ఉన్నవాళ్లందరి చేత తలో పాచికా వేయించి చూడండి. 1 లేదా 2 పడినవాళ్లను నిలబెట్టి నాలుగు చీవాట్లు పెట్టి, మళ్లీ వేయించండి. ఒకటిన్నర ఉన్న వాళ్ల సగటు మూడున్నర దగ్గరకు వచ్చేస్తుంది. 5, 6 పడినవాళ్లకు శాలువా కప్పి మళ్లీ వేయించండి. అయిదున్నర నుంచి వాళ్లూ మూడున్నర దగ్గరకే దిగుతారు. తిడితేనే పని జరుగుతుంది, పొగిడితే చెడిపోతారు అనే మన పై అధికారుల నమ్మకానికి మూలం ఇక్కడే ఉందని నా అనుమానం. ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లోనే తల్లిదండ్రుల, పిల్లల ఎత్తులు పోల్చి ఈ సంగతి చూపాడు: బాగా పొడగరుల పిల్లలు సగటున వాళ్లంత పొడవు ఉండరు.

అయితే కార్యాలయాలు అచ్చంగా పాచికలు కావు. పోస్టులు ఖాళీగా ఉన్నచోట పెండింగ్ ఏడాది పొడవునా ఉంటుంది. ఏది అదృష్టం, ఏది అసలు జబ్బు అని తేల్చడానికి గత 12 నెలల పట్టిక చాలు. అట్టడుగు పదింటిలో ప్రతి నెలా అవే పేర్లు ఉంటే సమస్య నిజమైనదే. పేర్లు నెలనెలా మారుతుంటే జులై జాబితాకు పెద్ద అర్థం లేదు. శిక్షణ దండగ అని కూడా నేననడం లేదు. అది పనిచేసిందో లేదో ఆ కాగితం చెప్పలేదు, అంతవరకే.

మన ప్రాంతంలో పోలిక దెబ్బతినే చోటు ఇంకొకటుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగినప్పుడు శ్రీకాకుళం 38 మండలాల నుంచి 30కి, విజయనగరం 34 నుంచి 27కి వచ్చాయి. పాలకొండ వైపు మండలాలు పార్వతీపురం మన్యంలోకి, రాజాం వైపువి విజయనగరంలోకి వెళ్లాయి. కాబట్టి "2021తో పోలిస్తే జిల్లాలో కేసులు తగ్గాయి" అని ఎవరైనా చెబితే, పాత అంకెల్లోంచి వెళ్లిపోయిన మండలాలను తీసేశారా, విజయనగరమైతే కొత్తగా చేరినవాటిని కలిపారా అని ముందు అడగాలి. మండలాల వారీ రికార్డు ఉంటే ఇది పూటలో తేలే పని.

ఇక ఆ శాఖకు నా సూచన. అట్టడుగున ఉన్న 20 కార్యాలయాలను తీసుకుని, చీటీలు వేసి పదింటికి ఇప్పుడు, మిగతా పదింటికి మూడు నెలల తర్వాత శిక్షణ ఇవ్వండి. ఎలాగూ అందరికీ ఒకేసారి ఇవ్వడానికి శిక్షకులు చాలరు కాబట్టి అదనపు ఖర్చేమీ ఉండదు. మూడు నెలలకు రెండు జట్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ సమానంగా తగ్గితే ఆ తగ్గుదల శిక్షణ వల్ల వచ్చింది కాదు. మొదటి జట్టు బాగా ముందుంటే అప్పుడు విస్తరణ అడగండి. పది కార్యాలయాలంటే చిన్న లెక్కే కాబట్టి రెండు మూడు అర్జీల తేడాను మాత్రం విజయంగా రాసుకోవద్దు. తుఫాను సాయం లాంటి అత్యవసరాల్లో ఈ చీటీల పద్ధతి కుదరదు. అర్జీల శిక్షణకు ఆ తొందర లేదు.

మీ విలేకరులకు కూడా ఒక మనవి. శాతం రాసినప్పుడు దాని పక్కనే అసలు సంఖ్యలు, మిగతా కార్యాలయాల సంగతి ఒక్క వరుసలో వేయండి.

ఇట్లు,
విశ్రాంత గణాంక ఉద్యోగి,
శ్రీకాకుళం